బాటిల్ తీసేస్తే వెనకాల ఏముంటుంది?

చంద్రగిరి కోటలో రాజమహల్ ముందు తీసిన కుటుంబ ఫొటో అది. తిరుమలలో తలనీలాలిచ్చి, దర్శనం చేసుకుని, తిరుగు ప్రయాణంలో కోట చూద్దామని ఆగినవాళ్లు. వెనక మూడంతస్తుల మహల్, వరసగా కమానులు, పైన శిఖరాలు, ఆ పైన కొండ బండలు. ఒక్కరి కన్నూ మూతపడలేదు. పిల్లలు కూడా కెమెరా వైపే చూస్తున్నారు. ఇంతమంది మళ్లీ ఒకచోట కలిసి ఇలా నిలబడేది ఎప్పుడో చెప్పలేం. అయితే ముందున్న పచ్చికలో నీలం మూత నీళ్ల బాటిల్ ఒకటి పడి ఉంది. వెనక, ఒక కమాను స్తంభం అడుగున ఎవరిదో నల్ల బ్యాగు ఆనించి ఉంది. రెండూ చిన్నవే. కానీ ఆల్బమ్‌లో పేజీ నిండా ప్రింటు వేస్తే చూపు ముందు వాటి మీదికే పోతుంది.

స్టూడియోకి వెళ్లి "ఆ రెండూ తీసేయండి" అంటాం. అదేదో టేబుల్ మీది వస్తువును పక్కకు జరిపినంత సులువనుకుంటాం. అసలు విషయం ఏమిటంటే ఫొటోలో బాటిల్ వెనక గడ్డి లేదు. కెమెరా ఆ చోట పట్టుకున్నది బాటిల్ రంగులనే. బాటిల్‌ని చెరిపితే మిగిలేది ఖాళీ. ఆ ఖాళీలోకి ఎక్కడినుంచో గడ్డి తెచ్చి పెట్టాలి. ఎక్కడినుంచి తేవాలో మనిషి చూపిస్తే అది క్లోన్ స్టాంప్. ఎక్కడ బాగుంటుందో ప్రోగ్రామే వెతుక్కుంటే అది కంటెంట్ అవేర్ ఫిల్. ఈ రెంటి మధ్య ఉన్న తేడా అంతా ఇదే. ఏది ఎప్పుడు చేతులెత్తేస్తుందన్నది కూడా ఈ తేడాలోంచే పుడుతుంది.

క్లోన్ స్టాంప్ పాతది. ఫొటోషాప్ తొలినాళ్లలో దాని పేరు రబ్బర్ స్టాంప్. 2002లో వచ్చిన ఫొటోషాప్ 7తో హీలింగ్ బ్రష్ దానికి తోడైంది. మన ఊళ్లలోని చిన్న స్టూడియోల్లో, డీటీపీ సెంటర్లలో ఆ ఏడో వెర్షన్ చాలా ఏళ్లు రాజ్యమేలింది కాబట్టి, అక్కడ చెయ్యి తిరిగినవాళ్లు ఇప్పటికీ ఏ మచ్చ కనిపించినా ముందు Alt మీదే వేలు వేస్తారు. కంటెంట్ అవేర్ ఫిల్ 2010లో, సీఎస్5 వెర్షన్‌తో వచ్చింది. కొత్తగా నేర్చుకున్నవాళ్లు అన్నింటికీ దాన్నే వాడతారు. ఈ ఇద్దరికీ పనికొచ్చే ఫొటో మన చంద్రగిరి ఫొటో. ఎందుకంటే బాటిల్‌కి ఒక మందు, బ్యాగుకి ఇంకో మందు.

పచ్చికలో బాటిల్

ముందు సులువైన దానితో మొదలుపెడదాం. 24 మెగాపిక్సెల్ కెమెరాతో తీసిన ఫొటో అంటే అడ్డం 6000, నిలువు 4000 పిక్సెళ్లు. అందులో మన బాటిల్ పొడవు మహా అయితే 150 పిక్సెళ్లు. లాసోతో దాని చుట్టూ గీత గీయాలి. ఇక్కడే చాలామంది తొందరపడతారు. బాటిల్ అంచును పట్టుకుని కచ్చితంగా గీస్తారు. అలా గీస్తే బాటిల్ పోతుంది కానీ దాని చుట్టూ నీలిరంగు అంచు సన్నగా మిగిలిపోతుంది. ఏ వస్తువు అంచూ ఫొటోలో కత్తితో కోసినట్టు ఉండదు. రెండు మూడు పిక్సెళ్ల మేర పక్క రంగుతో కలిసిపోయి ఉంటుంది. అందుకే పది పదిహేను పిక్సెళ్లు వదిలి గీయాలి. బాటిల్ నీడను కూడా గీత లోపలికి తీసుకోవాలి. వస్తువు పోయి నీడ మిగిలిన ఫొటో, వస్తువు ఉన్న ఫొటో కన్నా వింతగా ఉంటుంది.

ఇక `Shift+F5` నొక్కి, వచ్చిన పెట్టెలో `Content-Aware` ఎంచుకుని ఓకే కొడితే చాలు. రెండు సెకన్లలో గడ్డి వచ్చేస్తుంది. పచ్చిక మీద ఇది చేసినంత శుభ్రంగా చెయ్యి చేయలేదు.

ఎందుకు చేయలేదో తెలియాలంటే లోపల ఏం జరుగుతోందో కాస్త తెలియాలి. 2009లో ప్రిన్స్‌టన్ యూనివర్సిటీకి చెందిన కానెలీ బార్న్స్, ఆడమ్ ఫింకెల్‌స్టీన్‌లు అడోబీ పరిశోధకులు ఎలీ షెక్ట్‌మన్, డాన్ గోల్డ్‌మన్‌లతో కలిసి ప్యాచ్‌మ్యాచ్ అనే పద్ధతిని ప్రచురించారు. ఈ ఫిల్‌కి ఊపిరి అదే. ఖాళీని, దాని చుట్టుపక్కలను చిన్న చిన్న చదరాలుగా చూస్తుంది. ఒక్కో చదరం ఏడు పిక్సెళ్ల వెడల్పు, ఏడు పిక్సెళ్ల ఎత్తు ఉంటుందనుకోండి. ప్రతి చదరానికీ ఫొటోలో మరెక్కడైనా పోలిన చదరం ఉందేమో వెతుకుతుంది. ప్రతి చోటా వెతికితే గంటలు పడుతుంది. అందుకని ముందు గుడ్డిగా ఏదో ఒక చోటును ఊహిస్తుంది. లక్షల ఊహల్లో కొన్ని అదృష్టవశాత్తు సరిపోతాయి. ఒక చదరానికి మంచి జోడీ దొరికితే, దాని పక్క చదరానికి ఆ జోడీ పక్కనే ఉన్నది సరిపోయే అవకాశం ఎక్కువ. ఈ ఒక్క గమనికతో మంచి ఊహ పక్కపక్కకు పాకుతుంది. మొదట ఫొటోను బాగా చిన్నది చేసి వెతికి, తర్వాత పెద్ద సైజుల్లో మెరుగులు దిద్దుతుంది.

పచ్చికలో ఏ గడ్డిపరక ఎక్కడుండాలన్న నియమం లేదు. గడ్డిలా కనిపిస్తే చాలు. ప్రోగ్రామ్ పది చోట్ల నుంచి చిన్న చిన్న ముక్కలు తెచ్చి కలుపుతుంది కాబట్టి ఎక్కడా అతుకు కనిపించదు. ఇదే పని క్లోన్ స్టాంప్‌తో చేస్తే మనం ఒకే చోటునుంచి గడ్డిని ఎత్తి తెస్తాం. ఆ చోటున ఒక ఎండు ఆకు ఉంటే అదే ఆకు ఇక్కడ కూడా వస్తుంది. ఖాళీ పెద్దదైతే అదే ఆకు మూడుసార్లు కనిపిస్తుంది. దగ్గరగా చూస్తూ పనిచేసేవాడికి అది కనిపించదు. ఫొటోను పాతిక శాతానికి తగ్గించి చూస్తే వెంటనే తెలిసిపోతుంది. కన్ను వస్తువును గుర్తుపట్టకముందే పునరావృత్తిని గుర్తుపడుతుంది.

అయినా పచ్చికలో కూడా ఈ ఫిల్ తప్పు చేస్తుంది. బాటిల్ ముందు వరసలోని పాదాలకు దగ్గరగా ఉంటే, ఖాళీలో ఒక కాలివేలో, చెప్పు పట్టీయో మొలుస్తుంది. ప్రోగ్రామ్‌కి చెప్పు, గడ్డి అన్న తేడా లేదు. అంచు రంగుకు సరిపోయిన ముక్కను తెచ్చేస్తుంది. దీనికి మందు 2018 చివర్లో వచ్చిన వెర్షన్ నుంచి ఉంది. `Edit > Content-Aware Fill` అనే వేరే కిటికీ తెరుచుకుంటుంది. ప్రోగ్రామ్ ఎక్కడెక్కడ నుంచి ముక్కలు తీసుకుంటుందో అందులో ఆకుపచ్చ పొరగా కనిపిస్తుంది. పాదాల మీద, పట్టుచీర అంచుల మీద, మహల్ గోడ మీద ఉన్న ఆకుపచ్చను బ్రష్‌తో చెరిపేయాలి. పచ్చిక మీద మాత్రమే ఉంచాలి. అప్పుడు చెప్పు రాదు.

ఇంకో తప్పు ఇంత సులువుగా కంటికి ఆనదు. కెమెరాకు దగ్గరి గడ్డి ముతకగా, పరకలు విడివిడిగా కనిపిస్తాయి. మహల్ మెట్ల దగ్గరి గడ్డి మెత్తటి ఆకుపచ్చ చాపలా ఉంటుంది. దూరపు గడ్డిని తెచ్చి దగ్గర పెడితే రంగు కలిసినా అక్కడ మసకగా మరక పడ్డట్టుంటుంది. కాబట్టి ఆకుపచ్చ పొరను బాటిల్‌కి కుడి ఎడమల్లో, అదే దూరంలో ఉన్న పట్టీ మీదికే పరిమితం చేయాలి. ఈ ఒక్క జాగ్రత్తతో సగం పనులు బాగుపడతాయి.

స్తంభం అడుగున బ్యాగు

బ్యాగు దగ్గర కథ వేరు. అక్కడ నాలుగు రకాలు కలుస్తున్నాయి. కింద పచ్చిక, దానిపైన మహల్ అరుగు అంచు గీత, దాని మీద సున్నపు పూత వేసిన స్తంభం, స్తంభం పక్కన కమాను లోపలి చీకటి. బ్యాగు ఈ నాలుగింటి మీదా అడ్డంగా ఉంది. ఇక్కడ ఫిల్ కొడితే ఏమవుతుందో ఎవరైనా చేసి చూడొచ్చు. గడ్డి అరుగు మీదికి ఎక్కుతుంది. లేదా కమాను లోపలి నలుపు స్తంభంలోకి ఒలుకుతుంది. అరుగు గీత బ్యాగు ఎడమన ఒక ఎత్తులో ఆగి, కుడివైపు నాలుగు పిక్సెళ్లు కిందనుంచి మొదలవుతుంది.

కారణం ఇందాక చెప్పినదే. ప్రోగ్రామ్‌కి తెలిసింది పోలిక ఒక్కటే. అరుగు గీత తిన్నగా సాగాలని, స్తంభం రెండంచులూ నిలువుగా దిగాలని, కమాను ఒంపు ఎదుటి ఒంపుకు జోడీ అని దానికి తెలియదు. రాజమహల్ మొత్తం ఇటుక, రాయి, సున్నంతో కట్టింది. కలప వాడలేదంటారు. అంటే ముఖభాగమంతా ఒకటే రంగు, ఒకటే గరుకు. ప్రోగ్రామ్‌కి స్తంభం అడుగూ, పై అంతస్తు గోడా ఒకలాగే కనిపిస్తాయి. పై అంతస్తు ముక్కను తెచ్చి కింద పెట్టడానికి దానికి ఏ సంకోచమూ ఉండదు.

ఇక్కడ చెయ్యి కావాలి. పక్క కమాను అడుగు భాగం శుభ్రంగా కనిపిస్తోంది. కట్టిన మేస్త్రీలు కమానులను వరసగా, ఒకే తీరుగా కట్టారు కాబట్టి, బ్యాగు దాచిన దానికి అతి దగ్గరి సాక్ష్యం అదే.

పని ఇలా సాగుతుంది. ముందు కొత్త ఖాళీ లేయర్ తీసుకోవాలి. క్లోన్ స్టాంప్ పట్టీలో `Sample` దగ్గర `Current & Below` పెట్టాలి. అప్పుడు అసలు ఫొటో చెక్కుచెదరకుండా కింద ఉంటుంది, మన పని అంతా పై పొరలో పడుతుంది. `Aligned` టిక్ ఉండాలి. లేకపోతే మౌస్ వదిలిన ప్రతిసారీ మళ్లీ మొదటి చోటునుంచే తెస్తుంది. తర్వాత శుభ్రమైన కమాను దగ్గర, అరుగు గీతా స్తంభం అంచూ కలిసే మూలను గుర్తుపెట్టుకుని, సరిగ్గా ఆ మూల మీద Alt నొక్కి క్లిక్ చేయాలి. బ్యాగు ఉన్న చోట అదే మూల ఎక్కడుండాలో అక్కడ మొదటి చుక్క పెట్టాలి. ఈ ఒక్క చుక్క సరిగ్గా పడితే మిగతాదంతా దానంతట అదే వరసలోకి వస్తుంది. గోడ మధ్యలో ఎక్కడో Alt కొట్టి మొదలుపెట్టేవాళ్లకు గీతలు ఎప్పటికీ కలవవు.

ఫొటోను ఎదురుగా నిలబడి కాకుండా కాస్త పక్కనుంచి తీశారు. అందుకే దగ్గరి కమాను పెద్దది, దూరపుది చిన్నది. ఉన్నదున్నట్టు తెస్తే స్తంభం లావుగా వస్తుంది. కొలిచి చూసుకోవాలి. దగ్గరి కమాను వెడల్పు 620 పిక్సెళ్లు, బ్యాగు ఉన్న దూరపు కమాను 570 పిక్సెళ్లు అనుకుందాం. 570ని 620తో భాగిస్తే దాదాపు 0.92. `Clone Source` ప్యానెల్ తెరిచి వెడల్పు, ఎత్తుల దగ్గర 92 శాతం అని వేస్తే, తెచ్చే ముక్క ఆ మేరకు తగ్గి వస్తుంది. అరుగు గీత వాలు రెండు చోట్లా ఒకటి కాకపోతే, అదే ప్యానెల్‌లో ఒకటి రెండు డిగ్రీలు తిప్పొచ్చు. అక్కడే `Show Overlay` ఉంటుంది. తెచ్చే ముక్క బ్రష్ కింద లీలగా కనిపిస్తుంది కాబట్టి చుక్క పెట్టకముందే గీత మీద గీత కూర్చుందో లేదో చూసుకోవచ్చు.

క్లోన్ స్టాంప్ తడబడేది ఈ తర్వాతే. గీతలన్నీ కలిశాయి. కానీ స్తంభం మీద పట్టీ వేసినట్టు ఒక మచ్చ తేలింది. ఎండ ఒక పక్కనుంచి పడుతోంది. దగ్గరి స్తంభం వెలుగు 190 దాకా ఉంటే, దూరపు స్తంభం 172 దగ్గర ఉంది. సున్నా నుంచి 255 దాకా ఉండే కొలతలో పద్దెనిమిది మెట్ల తేడా చిన్నదే అనిపిస్తుంది. సాదా గోడ మీద అది అరిచి చెప్పినట్టు కనిపిస్తుంది. క్లోన్ స్టాంప్ వెలుగును కూడా ఎత్తుకొస్తుంది. అది దాని స్వభావం. ఆకాశంలో పడ్డ సెన్సర్ దుమ్ము చుక్కను దానితో తీయకూడదనేది కూడా ఇందుకే. ఆకాశం నీలం ప్రతి అంగుళానికీ మారుతుంటుంది. ఎక్కడినుంచి తెచ్చినా గుండ్రటి మరక మిగులుతుంది. అక్కడ ఫిల్లో, స్పాట్ హీలింగ్ బ్రషో వాడితే క్షణంలో పోతుంది.

స్తంభం మధ్యలో హీలింగ్ బ్రష్ పనికొస్తుంది. అది గరుకును తెచ్చిన చోటునుంచి, వెలుగును చుట్టుపక్కల నుంచి తీసుకుంటుంది. అయితే దాన్ని కమాను చీకటి అంచు దాకా తీసుకెళితే, ఆ నలుపునే చుట్టుపక్కల వెలుగనుకుని స్తంభంలోకి పులిమేస్తుంది. అంచుల్లో క్లోన్, మధ్యలో హీల్. లేదా స్తంభాన్ని మాత్రమే సెలెక్ట్ చేసుకుని లోపలే హీల్ చేయాలి.

బ్రష్ అంచు గురించి ఒక మాట. అతుకు కనబడకూడదని చాలామంది బ్రష్‌ను పూర్తి మెత్తగా, `Hardness` సున్నాలో పెడతారు. మెత్తటి అంచు దగ్గర పాత గోడా కొత్త గోడా సగం సగం కలుస్తాయి. రెండు గరుకులు కలిస్తే సగటు నునుపవుతుంది. దాంతో పని చేసిన చోటు చుట్టూ మైనం పూసినట్టు ఒక వలయం మిగులుతుంది. గోడ రంగు సరిగ్గా ఉన్నా ఎక్కడో తేడాగా ఉందనిపిస్తే ముందు దీన్నే అనుమానించాలి. 60, 80 మధ్యలో పెట్టుకుంటే ఈ బెడద తప్పుతుంది. స్తంభం అంచు లాంటి గట్టి గీతల మీద ఇంకా పెంచొచ్చు.

ఇంత చెప్పాక, బ్యాగు తీయడానికి నాకు నచ్చిన దారి రెండింటినీ కలిపేదే. ముందు క్లోన్‌తో గీతలను మాత్రం సాగదీయాలి. అరుగు గీత ఈ చివరినుంచి ఆ చివరికి, స్తంభం అంచు పైనుంచి కిందికి. ఇప్పుడు బ్యాగు మూడు నాలుగు తునకలైపోయింది. ఒక్కో తునకలో ఒకే రకం వస్తువు ఉంది. ఒకటి గడ్డి, ఒకటి సున్నపు గోడ, ఒకటి చీకటి. ఒక్కో తునకను విడిగా సెలెక్ట్ చేసి, ఆకుపచ్చ పొరను అదే రకం మీద ఉంచి ఫిల్ కొట్టాలి. దానికి చేతకానిది గీతను సాగించడం. ఆ పని మనం చేసి పెట్టాం కాబట్టి, మిగతాది అది మనకన్నా బాగా చేస్తుంది. ఒక్కటి గుర్తుంచుకోవాలి. ఫిల్ మామూలుగా ఒక్క లేయర్‌నే చూస్తుంది. క్లోన్ పని వేరే పొరలో ఉంది కాబట్టి, ముందు `Ctrl+Alt+Shift+E` కొట్టి అన్నింటినీ కలిపిన కొత్త లేయర్ చేసుకుని, దాని మీద ఫిల్ వాడాలి. లేకపోతే మనం గీసిన గీతలు దానికి కనిపించవు.

ఫొటోషాప్ కొనలేనివాళ్లకు ఉచితంగా దొరికే గింప్‌లో క్లోన్, హీల్ రెండూ ఉన్నాయి. Alt బదులు Ctrl నొక్కాలి. ఫిల్ లాంటిది కావాలంటే పాల్ హారిసన్ రాసిన రీసింథసైజర్ ప్లగిన్ వేసుకోవాలి. పచ్చిక దగ్గర దానిదీ మంచి పనితనమే. స్తంభం దగ్గర దానికీ అదే బలహీనత.

కాళహస్తి కలంకారీ మీద క్లిప్పు

గోడలు, గడ్డి వదిలి ఒక బట్ట దగ్గరికి వద్దాం. ఇక్కడ రెండు పనిముట్లూ ఓడిపోతాయి.

శ్రీకాళహస్తిలో కలంకారీ వేసేవాళ్లు, ఆ చీరలు, పటాలు అమ్మేవాళ్లు ఇప్పుడు ఫోన్‌లోనే ఫొటోలు పంపి ఆర్డర్లు తీసుకుంటున్నారు. బట్టను తాడు మీద వేలాడదీసి రెండు క్లిప్పులు పెట్టి ఫొటో తీస్తారు. క్లిప్పు సరిగ్గా అంచులోని లతను పట్టుకుని ఉంటుంది. "క్లిప్పు తీసేయండి" అని ఫొటో దిద్దేవాడికి చెబుతారు.

ఫిల్ కొడితే లత తెగుతుంది. తొడిమ వెళ్లి పక్క పువ్వు రేకులో కలుస్తుంది. ఒక్కోసారి ఎక్కడో ఉన్న నెమలి కన్ను వచ్చి ఆకుల మధ్య కూర్చుంటుంది. గీత ఉన్న ప్రతిచోటా దానిది అదే కష్టం. కలంకారీలో గీత లేని చోటు దాదాపు ఉండదు. సరే, క్లోన్ వాడదాం. పక్కనున్న పువ్వును తెచ్చి క్లిప్పు చోట పెడదాం. గీతలు చక్కగా కలుస్తాయి, రంగు కూడా సరిపోతుంది. చూసేవాళ్లకు ఏ లోపమూ కనిపించదు. అసలు తప్పు జరిగింది ఇక్కడే.

కాళహస్తి పనిని కలంతో గీస్తారు. మొన తేల్చిన వెదురు పుల్లకు ఉన్నినో, దూదినో, గుడ్డనో చుట్టి, దాన్ని రంగులో ముంచి, వేళ్లతో నొక్కుతూ గీత లాగుతారు. నొక్కినకొద్దీ గీత లావెక్కుతుంది. రంగు అయిపోయేకొద్దీ సన్నబడుతుంది. కరక్కాయ, పాలల్లో ఊరిన గుడ్డ మీద, ఇనుపముక్కలు బెల్లం నీళ్లలో ఊరబెట్టి తీసిన నలుపుతో గీసిన ఆ గీత రెండోసారి అచ్చం అలాగే పడదు. పక్కపక్కనే ఉన్న రెండు పువ్వులు అక్కచెల్లెళ్లలా ఉంటాయి తప్ప ఒక్కటి కావు. మచిలీపట్నం, పెడన కలంకారీ అలా కాదు. అక్కడ చెక్క అచ్చుతో వేస్తారు కాబట్టి పువ్వు మళ్లీ మళ్లీ అలాగే వస్తుంది. పెడన బట్ట ఫొటోలో క్లిప్పు తీయడానికి పక్క పువ్వును క్లోన్ చేస్తే, అచ్చు మళ్లీ ఒకసారి పడ్డట్టే. పెద్ద తేడా రాదు. కాళహస్తి బట్ట ఫొటోలో అదే చేస్తే, చేత్తో గీసినదాన్ని అచ్చు పనిగా మార్చినట్టు.

కొనేవాళ్లలో తెలిసినవాళ్లు చూసేది కూడా ఇదే. రెండు పువ్వులను పక్కపక్కన పెట్టి, గీత లావు ఎక్కడ మారింది, రేకు చివర ఎలా తేలింది అని చూస్తారు. రెండూ పిక్సెల్‌కి పిక్సెల్ ఒక్కటే అయితే, ఇది స్క్రీన్ ప్రింట్ అనుకుని వెళ్లిపోతారు. నిజమైన చేతిపని ఫొటో దిద్దుబాటు వల్ల నకిలీ అనిపించుకుంటుంది. అందుకని ఇక్కడ నా తీర్పు సూటిగానే చెబుతాను. కలంకారీ మీద క్లిప్పు తీయొద్దు. క్లిప్పు కాస్త పక్కకు జరిపి ఇంకో ఫొటో తీయండి. అరనిమిషం పని. లేదా ఆ అంచు కత్తిరించి మిగతా బట్ట చూపండి. గీతలేని వెనక గోడ మీది మేకును, తాడును మాత్రం ఎలా కావాలంటే అలా తీసేసుకోవచ్చు.

పొగ, కెమెరా, పగులు

క్లోన్ స్టాంప్ పునరావృత్తి ఎంత తేలిగ్గా దొరికిపోతుందో ప్రపంచం 2006 ఆగస్టులో చూసింది. లెబనాన్ యుద్ధ సమయంలో రాయిటర్స్ సంస్థకు ఫ్రీలాన్స్‌గా పనిచేసిన అద్నాన్ హాజ్, బీరూట్ మీద లేచిన పొగను క్లోన్ స్టాంప్‌తో పెంచి పంపాడు. పొగలో ఒకే మెలిక, ఒకే వంపు వరసగా తిరిగి వచ్చింది. చూసినవాళ్లు వెంటనే పట్టేశారు. రాయిటర్స్ ఆయన్ను వదులుకుంది. తన దగ్గరున్న ఆయన ఫొటోలన్నీ, 920, అమ్మకం నుంచి తొలగించింది.

అది పెంచిన కథ. మన విషయానికి ఇంకా దగ్గరిది తీసేసిన కథ. సిరియాలో తీసిన ఒక ఫొటోలో, కింద మూలన ఉన్న తోటి విలేకరి వీడియో కెమెరాను నార్సిసో కాంట్రెరాస్ చెరిపేశాడు. అసోసియేటెడ్ ప్రెస్ తరఫున పులిట్జర్ గెలిచిన బృందంలో ఆయన ఒకరు. విషయం ఆయనే ఒప్పుకున్నాక, 2014 జనవరిలో ఏపీ సంస్థ ఆయనతో సంబంధం తెంచుకుంది. తీసినది చిన్న వస్తువే. మూలన ఉన్నదే. ఫొటో చెప్పే విషయం దానివల్ల మారలేదని వాదించొచ్చు కూడా. అయినా వార్తా ఫొటోకు ఒప్పుకోలేదు. అది సరైన నిర్ణయమేనని నా అభిప్రాయం. ఒక కెమెరాను తీయొచ్చని ఒప్పుకుంటే, ఏది చిన్నదో నిర్ణయించే అధికారం ఫొటో దిద్దేవాడికి ఇచ్చినట్టే.

ఇది మన కాళహస్తికి కూడా వర్తిస్తుంది. 1516లో శ్రీకృష్ణదేవరాయలు కట్టించిన శ్రీకాళహస్తి రాజగోపురం 2010 మే 26న కూలిపోయింది. అంతకుముందే దాని మీద పగుళ్లు ఉన్నాయి. ఏళ్ల తరబడి భక్తులు, ఫొటోగ్రాఫర్లు తీసిన గోపురం ఫొటోల్లో ఆ పగుళ్లు ఎప్పుడు ఎక్కడిదాకా సాగాయన్నది నమోదై ఉంటుంది. అదే ఏడాది కంటెంట్ అవేర్ ఫిల్ కూడా బజారులోకి వచ్చింది. పాత కట్టడం ఫొటోను అందంగా చేయాలని కూర్చున్నవాడికి పగులు అంటే సన్నటి నల్ల గీత. రాతి సందులో మొలిచిన రావిమొక్క అంటే పచ్చటి చుక్క. ఫిల్ వాటిని ఎంత చక్కగా తీసేస్తుందంటే, జూమ్ చేసి వెతికినా తెలియదు. తీసేశాక ఆ ఫొటో కట్టడం గురించి అబద్ధం చెబుతుంది. రావిమొక్క ఏ సంవత్సరం ఎంత ఎత్తుందో, ఆ వేరు రాతిని ఎప్పుడు కదిలించిందో చెప్పగలిగేది అలాంటి సాదా ఫొటోలే. 2017లో కొత్త గోపురం లేచింది. పాతదాని గురించి ఇక మనకు మిగిలినవి ఫొటోలే.

కాబట్టి చంద్రగిరి కుటుంబం ఫొటోలో బాటిల్ తీయండి, బ్యాగు తీయండి. అది వాళ్ల ఆల్బమ్, అది వాళ్ల ఇష్టం. అదే ఫొటోలో రాజమహల్ సున్నం పెచ్చు ఊడిన చోటు కనిపిస్తే దాన్ని మాత్రం అలాగే వదిలేయండి. పని పూర్తయ్యాక ఫొటోను నూరు శాతంలో ఒకసారి, పాతిక శాతంలో ఒకసారి చూడండి. తర్వాత కుడి ఎడమలు తిప్పి మరోసారి చూడండి. అలవాటుపడ్డ కన్ను వదిలేసిన పునరావృత్తి అప్పుడు బయటపడుతుంది. దిద్దిన ఫొటోకు వేరే పేరు పెట్టి సేవ్ చేయండి. కెమెరా ఇచ్చిన అసలు ఫైలును దానితోపాటే పెన్‌డ్రైవ్‌లో వేసి ఇంటివాళ్లకు ఇవ్వండి. ఇంటివాళ్లూ స్టూడియో నుంచి వచ్చేటప్పుడు ప్రింటుతో సరిపెట్టుకోకుండా ఆ ఫైలును అడిగి తీసుకోండి.